చక్కెర బిళ్ల చేసే చమత్కారాలు

మీకు తెలుసా? కొత్త మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఇవాళ ప్రపంచమంతా వాడే పద్ధతికి మన పిల్లల కళ్లగంతలాటతో దగ్గరి చుట్టరికం ఉంది! నమ్మకం కుదరడం లేదా? అయితే 1784 నాటి పారిస్‌కు ఒక్కసారి వెళ్లొద్దాం, రండి.

అప్పట్లో ఆ ఊరిని ఊపేస్తున్న వైద్యుడి పేరు మెస్మర్. మనం 'మెస్మరిజం' అంటామే, ఆ మాట పుట్టింది ఈయన పేరు మీదే! మనుషుల్లో, చెట్లలో, నీళ్లలో కంటికి కనిపించని అయస్కాంత శక్తి ఒకటి పారుతుందనీ, దాన్ని సరిచేస్తే రోగాలు పోతాయనీ ఆయన చెప్పేవాడు. ఆయన దగ్గర జనం ఊగిపోయేవారు, మూర్ఛపోయేవారు, లేచి 'హాయిగా ఉంది' అంటూ ఇళ్లకు వెళ్లేవారు. ఇదంతా నిజమా కాదా తేల్చమని రాజు పదహారో లూయీ పండితులను పురమాయించాడు. వాళ్లలో ఎవరెవరున్నారో తెలుసా? గాలిపటంతో పిడుగు గుట్టు విప్పిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆక్సిజన్‌కు ఆ పేరు పెట్టిన లావోయిజర్, ఆపై తలలు తెగ్గొట్టే యంత్రానికి తన పేరు అంటుకున్న డాక్టర్ గిలటిన్. ఒకే బల్ల దగ్గర ముగ్గురూ!

పరీక్ష ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో జరిగింది. మెస్మర్ శిష్యుడు డెస్లాన్ అక్కడున్న ఒక ఆప్రికాట్ చెట్టుకు 'శక్తి' ఎక్కించాడు. ఈ శక్తి సోకితే ఇట్టే చలించిపోయే పన్నెండేళ్ల కుర్రాణ్ని ఆయనే ఏరి తెచ్చాడు. పిల్లాడి కళ్లకు గంతలు కట్టి ఒక్కో చెట్టు దగ్గరికీ నడిపించారు. ప్రతి చెట్టునూ రెండు నిమిషాలు కావలించుకోవాలి. మొదటి చెట్టు దగ్గరే చెమటలు, దగ్గు, తలనొప్పి! రెండో చెట్టుకు తల తిరిగింది. మూడో చెట్టుకు ఇంకా ఎక్కువైంది. నాలుగో చెట్టు దగ్గర ఒళ్లు బిగుసుకుపోయి కుప్పకూలాడు. ఎత్తుకెళ్లి గడ్డి మీద పడుకోబెట్టాల్సి వచ్చింది.

మరి శక్తి ఎక్కించిన చెట్టు ఏది? ఆ నాలుగింటిలో ఏదీ కాదు! అది 24 అడుగుల అవతల నిక్షేపంలా నిలబడి ఉంది. కుర్రాడు దాన్ని తాకనే లేదు!

డెస్లాన్ దగ్గర సమాధానం సిద్ధంగానే ఉంది: చెట్లన్నింటిలోనూ సహజంగానే ఆ శక్తి ఉంటుందట. పండితులు ఊరుకుంటారా? అలాగైతే ఇలాంటి మనిషి మూర్ఛపోకుండా ఏ తోటలోనూ షికారు చెయ్యలేడు కదా అని నివేదికలో రాసేశారు!

లావోయిజర్ ఇంట్లో జరిగింది ఇంకా చిత్రం. ఒకావిడకు వరసగా కప్పులతో మామూలు నీళ్లిచ్చారు. నాలుగో కప్పుకు ఆమె గిజగిజలాడిపోయింది. కాస్త తేరుకుని, దాహంగా ఉంది నీళ్లిమ్మంది. ఈసారి ఏమీ చెప్పకుండా 'శక్తి' ఎక్కించిన అసలు కప్పు చేతికిచ్చారు. గుటగుటా తాగేసి, ప్రాణం కుదుటపడిందని చెప్పింది! మందు ఉన్న కప్పుతో ఏమీ కాలేదు, మందు లేని కప్పుతో మూర్ఛ. గంతలు కడితే తప్ప బయటపడని గుట్టు ఇది.

మీకు తెలుసా? మందు లేని మాత్ర మింగినా ఒంట్లోంచి నిజంగానే మందు ఊరుతుంది! పై కుర్రాడిలా మందు లేకుండానే ఒంటికి కలిగే మార్పునే ఇవాళ 'ప్లాసిబో ప్రభావం' అంటున్నాం. మందు లేని ఉత్తి మాత్ర, ఉత్తి సూది, ఉత్తి ఆపరేషన్ ఏదైనా సరే, దాని పేరు ప్లాసిబో. ఇదంతా భ్రమ అని కొట్టిపారేసేవాళ్లకు 1978లో కాలిఫోర్నియాలో ముగ్గురు పరిశోధకులు పంటినొప్పితో జవాబు చెప్పారు.

జ్ఞానదంతం పీకించుకున్నవాళ్ల సంగతి మీకు తెలిసిందే. మత్తు దిగాక దవడంతా సలసలా కాగుతున్నట్టుంటుంది. అలాంటివాళ్లకు ఆ పరిశోధకులు ప్లాసిబో ఎక్కించారు. కొందరికి నిజంగానే నొప్పి దిగింది. తర్వాత చాటుగా నాలోక్సోన్ అనే మందు ఇచ్చారు. మార్ఫిన్ మోతాదు మించినప్పుడు దాన్ని విరిచెయ్యడానికి వాడే మందు ఇదే. ఇక్కడ మార్ఫిన్ ఇవ్వనే లేదు కదా, విరవడానికి ఏముంది? కానీ ప్లాసిబోతో తగ్గిన నొప్పి మళ్లీ లేచింది!

అంటే ఏమిటన్నమాట? ఉపశమనం వస్తుందని ఎదురుచూసిన మెదడు తన సొంత మార్ఫిన్‌ను వదిలింది. ఎండార్ఫిన్లు అంటారే, అవే. నాలోక్సోన్ వచ్చి వాటికి అడ్డుపడింది. మన తలలోనే మందుల షాపు ఉంది, చీటీ రాసేది మన ఎదురుచూపు!

మీకు తెలుసా? అసలు సిసలు మందు కూడా చెప్పకుండా ఇస్తే కొంత సత్తువ కోల్పోతుంది! ఇటలీలో బెనెడెట్టి అనే శాస్త్రవేత్త బృందం ఆపరేషన్ అయిన రోగులతో ఇది చేసి చూపింది. కొందరికి డాక్టరు మంచం పక్కన నిలబడి, 'ఇదిగో మందు ఎక్కిస్తున్నాను, కాసేపట్లో హాయిగా ఉంటుంది' అని చెప్పి సూది వేశాడు. మిగతావాళ్లకు అదే మందును అదే మోతాదులో ఒక యంత్రం గుట్టుచప్పుడు కాకుండా ఎక్కించింది. ఎప్పుడెక్కిందో కూడా వాళ్లకు తెలియదు. చెప్పి ఇచ్చిన మార్ఫిన్ నొప్పిని చెప్పకుండా ఇచ్చినదానికంటే బాగా తగ్గించింది. ఇక ఆందోళన తగ్గించే డయాజెపామ్ సంగతి వింటే నోరెళ్లబెడతారు. చెప్పకుండా ఇస్తే అది ఆందోళనను తగ్గించనే లేదు!

మన పల్లెల్లో ఓ మాట వింటుంటాం కదా: 'మాత్రలొద్దు డాక్టరుగారూ, ఓ సూది వేసెయ్యండి, దెబ్బకు తగ్గిపోవాలి!' మీకు తెలుసా? ఆ మాటలో కొంత పస ఉంది! మైగ్రేన్ తలనొప్పి మందు పరీక్షల్లో ప్లాసిబో తీసుకున్నవాళ్లను మాత్రమే విడిగా చూశారు. ఉత్తి మాత్ర మింగినవాళ్లలో సుమారు 26 శాతం మందికి, ఉత్తి సూది వేయించుకున్నవాళ్లలో సుమారు 32 శాతం మందికి తలనొప్పి తగ్గింది. రెండింటిలోనూ మందు లేదు! అలాగని అక్కరలేని సూది వేయించుకోకండి. గుచ్చితే చీము పట్టే ప్రమాదం మాత్రం ఉత్తిది కాదు, నిజమైనదే.

ఇంతవరకూ చదివి 'అయితే ప్లాసిబోతో అన్ని రోగాలూ నయమవుతాయేమో' అనుకుంటున్నారా? ఆగండాగండి. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అందరూ తప్పకుండా తెలుసుకోవాల్సిన విశేషం ఇప్పుడు చెప్పబోయేదే!

మీకు తెలుసా? ఉత్తి ఇన్హేలర్ పీల్చిన ఉబ్బసం రోగి 'ఆయాసం తగ్గింది' అంటాడు, ఊపిరితిత్తులు మాత్రం 'తగ్గలేదు' అంటాయి! 2011లో అమెరికాలోని బోస్టన్‌లో అచ్చంగా ఇదే కొలిచి చూశారు. పరీక్ష చివరిదాకా నిలిచిన 39 మందికి వేర్వేరు రోజుల్లో నాలుగు రకాలుగా చేశారు. ఒకరోజు అల్బ్యుటెరాల్ ఉన్న అసలు ఇన్హేలర్. ఇంకోరోజు మందు లేని ఇన్హేలర్. మరోరోజు ఉత్తుత్తి ఆక్యుపంక్చర్. ఒకరోజు ఏమీ ఇవ్వకుండా ఊరికే కూర్చోబెట్టారు.

తర్వాత ఇద్దరు సాక్షులను అడిగారు. ఒక సాక్షి రోగి: 'ఎంత తగ్గింది?' రెండో సాక్షి యంత్రం: గట్టిగా ఊదితే మొదటి సెకనులో ఎంత గాలి బయటికొస్తుందో కొలిచేది. రోగుల మాట ప్రకారం అసలు ఇన్హేలర్‌తో 50 శాతం తేలికయింది, ఉత్తి ఇన్హేలర్‌తో 45 శాతం, ఉత్తి ఆక్యుపంక్చర్‌తో 46 శాతం. మూడూ ఇంచుమించు ఒకటే! ఊరికే కూర్చున్న రోజు 21 శాతమే.

ఇప్పుడు యంత్రం మాట వినండి. అసలు ఇన్హేలర్‌తో గాలి 20 శాతం పెరిగింది. మిగిలిన మూడింటితోనూ సుమారు 7 శాతమే! ఉత్తి ఇన్హేలర్‌కూ ఊరికే కూర్చోవడానికీ తేడా లేనే లేదు. మనసు హాయిగా ఉంది, గొట్టాలు బిగుసుకునే ఉన్నాయి. ఆయాసం తెలియకపోవడం వేరు, ఊపిరి ఆడటం వేరు. ఉబ్బసంలో రెండోది తప్పితే ప్రాణం మీదికొస్తుంది. నమ్మకంతో ఇన్హేలర్ పక్కన పడేసేవాళ్లకు ఈ 20, 7 అంకెలు గోడ మీద రాసి చూపించాలని ఉంటుంది నాకు!

ఆ 7 శాతం గురించి ఓ చిన్న ప్రశ్న. ఊరికే కూర్చున్నా గాలి పెరిగిందేమిటి? ఎందుకంటే రోగాలు వాటంతటవే ఎక్కుతాయి, దిగుతాయి. జలుబు సంగతి మనకు తెలియనిదా? మందు వేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులు! పైగా మనం డాక్టరు దగ్గరికి పరిగెత్తేది బాధ నెత్తికెక్కినప్పుడే. శిఖరం ఎక్కాక ఎటు నడిచినా దిగుడే కదా. ఆ దిగుడంతా మందు ఖాతాలో పడిపోతుంది. ఏమీ ఇవ్వని రోజు అనేది ఒకటి పెట్టకపోతే ప్లాసిబో చేసిందెంతో, కాలం చేసిందెంతో ఎవరూ చెప్పలేరు.

మీకు తెలుసా? చక్కెర బిళ్లకు దుష్ఫలితాలు కూడా ఉన్నాయి! మేలు జరుగుతుందనుకుంటే మేలు జరిగినట్టే, కీడు జరుగుతుందనుకుంటే కీడు జరుగుతుంది. దీని పేరు 'నోసీబో'. లండన్ పరిశోధకులు 2020లో బయటపెట్టిన సామ్సన్ పరీక్షలో అరవై మంది పాల్గొన్నారు. కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్ మాత్రలు పడక, దుష్ఫలితాలు వస్తున్నాయని మానేసినవాళ్లే అందరూ. ఒక్కొక్కరికీ 12 సీసాలిచ్చారు, నెలకొకటి. నాలుగింటిలో స్టాటిన్. నాలుగింటిలో చూడటానికి అలాగే ఉండే ఉత్తి మాత్రలు. నాలుగు ఖాళీ సీసాలు! మాత్రలున్న నెలల్లో ఏది అసలుదో ఏది ఉత్తిదో రోగికి తెలియదు. రోజూ ఫోన్లో తన బాధకు సున్నా నుంచి వందలోపు మార్కు వెయ్యాలి.

ఫలితం చూడండి. ఖాళీ సీసా నెలల్లో సగటు బాధ 8. స్టాటిన్ నెలల్లో 16.3. అమ్మో, రెట్టింపు! మరి ఉత్తి మాత్ర నెలల్లో? 15.4! స్టాటిన్ పెట్టిన బాధలో నూటికి తొంభై వంతులు మాత్ర మింగుతున్నామన్న ఊహే పెట్టింది. అరవై మంది బాధా నిజమే, నొప్పి నిజమే. కారణం మాత్రం వాళ్లనుకున్నది కాదు. వాళ్ల అంకెలు వాళ్లకే చూపిస్తే సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు!

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. గుండెపోటు వచ్చిన మగవాళ్లకు అమెరికాలో క్లోఫైబ్రేట్ అనే మందు పరీక్షించారు. మందు సరిగ్గా వేసుకున్నవాళ్లలో ఐదేళ్లలో నూటికి 15 మంది చనిపోయారు. సరిగ్గా వేసుకోనివాళ్లలో నూటికి దాదాపు 25 మంది. మందు పనిచేసినట్టేనా? 'ఇంకా అడగాలా, చేసినట్టే' అంటున్నారు కదూ!

తప్పులో కాలేశారు! ఆ పరీక్షలోనే ప్లాసిబో తీసుకున్న బృందం కూడా ఉంది. అక్కడ ఉత్తి మాత్రను సరిగ్గా మింగినవాళ్లలో నూటికి 15 మంది, ఎగ్గొట్టినవాళ్లలో 28 మంది చనిపోయారు! రెండు బృందాలనూ మొత్తంగా పోలిస్తే మందు వాళ్లలో 20 శాతం, ఉత్తి మాత్ర వాళ్లలో 20.9 శాతం. తేడా లేనట్టే. ఉత్తి మాత్ర ప్రాణాలు కాపాడిందని కాదు. వేళకు మాత్ర మింగే మనిషి తిండి, నిద్ర, నడక కూడా వేళకే చూసుకునే రకం కావచ్చు. మాత్ర మానేసినవాళ్లలో అప్పటికే ఒంట్లో బాగా లేనివాళ్లు ఉండొచ్చు. పక్కన పోలిక బృందం లేకపోయుంటే క్లోఫైబ్రేట్‌కు సంజీవని అని పేరొచ్చేసేది!

అయితే ఎవరు మందు బృందంలో ఉండాలి, ఎవరు పోలిక బృందంలో ఉండాలి? డాక్టరును ఎంచమంటే ఏమవుతుంది? మంచి మనసుతోనే ఆయన బతికే ఆశ ఉన్నవాళ్లను మందు వైపు నెట్టేస్తాడు. లేదా జాలిపడి మరీ నీరసించినవాళ్లను నెడతాడు. ఎటు నెట్టినా లెక్క తారుమారే. మీకు తెలుసా? దీనికి బ్రిటన్‌లో 1940లలో దొరికిన మందు ఒక అంటించిన కవరు!

అప్పుడు క్షయకు స్ట్రెప్టోమైసిన్ కొత్తగా వచ్చింది. బ్రిటన్‌లో మందు కొరత. బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే గణాంక శాస్త్రవేత్త ముందుగానే లాటరీలాంటి అంకెలతో ఎవరికేది అన్నది నిర్ణయించి, కవర్లలో పెట్టి అంటించేశాడు. రోగిని పరీక్షలోకి తీసుకుంటామని ఖాయం చేశాకే కవరు విప్పాలి. ముందు తొంగిచూడటానికి వీల్లేదు! 55 మందికి మందు పడింది, 52 మందికి అప్పటి మామూలు వైద్యమైన పడక విశ్రాంతి. ఆరు నెలల్లో మందు బృందంలో నలుగురు, పోలిక బృందంలో 14 మంది చనిపోయారు. ఇంకో సంగతి, పోలిక బృందానికి ఉత్తి సూదులు వెయ్యలేదు. రోజుకు నాలుగుసార్లు నెలల తరబడి ఊరికే గుచ్చడం దారుణం అనుకున్నారు. బదులుగా గంతలు ఎక్స్‌రేలు చదివే నిపుణులకు కట్టారు. ఏ ఫిల్మ్ ఎవరిదో వాళ్లకు తెలియనివ్వలేదు!

చూసేవాళ్లకు గంతలెందుకంటారా? కుంటుతున్న కుక్కలను అడగండి! మీకు తెలుసా? కుక్కలకు కీళ్లనొప్పి మందు పరీక్షించినప్పుడు ఉత్తి మందు పడిన కుక్కలు కూడా బాగా నడుస్తున్నాయని యజమానులు చెప్పారు, పశువైద్యులూ చెప్పారు. కాలు ఎంత బరువు మోపుతోందో కొలిచే పలక మాత్రం ఏ మార్పూ లేదంది. కుక్కకు మందు మీద ఏ ఆశా లేదు. ఆశంతా గొలుసు పట్టుకున్న చేతిది! అందుకే రోగికీ, చూసేవాళ్లకూ ఇద్దరికీ తెలియకుండా చేస్తారు. దాన్నే డబుల్ బ్లైండ్ అంటారు.

మాత్రకు గంతలు కట్టడం తేలిక, మరి కత్తికి? అదీ చేశారు! అమెరికాలోని హ్యూస్టన్‌లో మోకాలి అరుగుదలకు చేసే ఒక ఆపరేషన్‌ను 180 మందితో పరీక్షించి, 2002లో ఫలితం చెప్పారు. ఆపరేషన్ గదిలోకి వెళ్లాకే సర్జన్ కవరు విప్పుతాడు. ఉత్తి ఆపరేషన్ అని వస్తే మోకాలి మీద పైపైన గాట్లు పెడతాడు. పనిముట్లు అడుగుతాడు, కాలు అటూ ఇటూ తిప్పుతాడు, లోపల కడుగుతున్న చప్పుడు వినపడేలా నీళ్లు చిలకరిస్తాడు. కుట్లు వేసి పంపేస్తాడు. రెండేళ్ల పాటు కనిపెట్టి చూశారు. నొప్పిలో, నడకలో అసలు ఆపరేషన్ వాళ్లకూ ఉత్తి ఆపరేషన్ వాళ్లకూ తేడా కనపడలేదు. అప్పటికే ఆ ఆపరేషన్ అమెరికాలో ఏటా లక్షల మోకాళ్లకు జరుగుతోంది!

గంతలు జారిపోతే? అదీ జరిగింది, అదీ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలోనే! 1970లలో అక్కడి ఉద్యోగుల మీదే జలుబుకు విటమిన్ సి పరీక్షించారు. ఉత్తి గుళికల్లో పోసింది పాల చక్కెర. ఉద్యోగులు మరి వైద్య పరిశోధన సంస్థ మనుషులాయె. కుతూహలం ఆపుకోలేక గుళిక విప్పి నాలుక మీద వేసుకున్నారు. తియ్యగా ఉంటే ఉత్తిది, పుల్లగా ఉంటే అసలుది. గుట్టు రట్టు!

ఆ నిర్వాహకులను మెచ్చుకోవాలి. 'మీరు తిన్నదేమిటనుకుంటున్నారు?' అని చివర్లో అందరినీ అడిగారు. తమదేదో పసిగట్టినవాళ్లలో విటమిన్ సి జలుబును కాస్త త్వరగా తగ్గించినట్టు కనిపించింది. పసిగట్టనివాళ్లలో ఆ మేలు మాయం! గంత గట్టిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇప్పటికీ ఇదే చిట్కా: పరీక్ష చివర్లో ఊహించమని అడగడం. బొమ్మా బొరుసూ వేసినట్టు సగం మందే సరిగ్గా చెబితే గంత నిలబడినట్టు. చాలామంది కరెక్టుగా చెప్పేస్తే ఎక్కడో చిరిగినట్టు.

ఈ ఆటంతా దేనికి, మంచి మందని డాక్టర్లకు అనుభవం మీద తెలియదా అని ఎవరైనా అంటే వాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పండి. గుండెపోటు తర్వాత కొందరి గుండె మధ్య మధ్య తప్పటడుగు వేస్తుంది. అలాంటివాళ్లే హఠాత్తుగా ఎక్కువగా చనిపోతున్నారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులిస్తే ఆ తప్పటడుగులు ఈసీజీలో చక్కగా మాయమయ్యేవి. డాక్టర్లు కళ్లారా చూశారు, రోగులకు రాశారు.

తీరా అమెరికాలో కాస్ట్ అనే డబుల్ బ్లైండ్ పరీక్ష పెట్టారు. 755 మందికి ఆ మందులు, 743 మందికి ఉత్తి మాత్రలు. 1989లో పరీక్షను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఎందుకో తెలుసా? సగటున పది నెలల్లో ఉత్తి మాత్ర బృందంలో 26 మంది చనిపోతే, మందు బృందంలో 63 మంది చనిపోయారు! ఈసీజీని అందంగా మార్చిన మందే ప్రాణం తీస్తోంది. ఏ ఒక్క డాక్టరుకూ ఇది కంటికి ఆనలేదు. గుండెపోటు రోగి చనిపోతే 'పాపం, గుండె జబ్బు' అనుకుంటాం, మందును ఎవరనుమానిస్తారు? ఈ రెండంకెలు చదివిన ప్రతిసారీ నా గుండె ఓ క్షణం ఆగినట్టవుతుంది. ఆ 743 మంది మింగిన ఉత్తి మాత్రలే లేకపోతే ఇంకా ఎందరు పోయేవారో!

చివరగా మన ఊరి ముచ్చట. హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్ టీకాను దేశంలోని 25 ఆసుపత్రుల్లో 25,798 మందితో డబుల్ బ్లైండ్‌గా పరీక్షించారు. సగం మందికి టీకా, సగం మందికి ఉత్తి సూది. సూది వేసే నర్సుకూ తెలియదు, భుజం చాపిన మనిషికీ తెలియదు. ఇంటికెళ్లాక భుజం నొప్పన్నా, జ్వరమన్నా, తలనొప్పన్నా అన్నీ రాసుకున్నారు. లెక్క తేలాక చూస్తే టీకా బృందంలో అలా ఏదో ఒక ఇబ్బంది చెప్పినవాళ్లు 1597 మంది. మరి ఉత్తి సూది బృందంలో? సరిగ్గా 1597 మంది! ఒక్కరు ఎక్కువ లేరు, ఒక్కరు తక్కువ లేరు!

అయితే టీకా కూడా ఉత్తి సూదిలాంటిదేనా? ఆ జవాబు కోసం ఓపిగ్గా కాచుకుని కూర్చున్నారు. రెండు డోసులూ అయ్యాక, లక్షణాలతో కోవిడ్ వచ్చినవాళ్ల సంఖ్య 130కి చేరేదాకా ఎవరిది ఏ సూదో విప్పకూడదని ముందే నియమం. 130 నిండాయి, గంతలు విప్పారు. వాళ్లలో టీకా వేయించుకున్నవాళ్లు 24 మంది. ఉత్తి సూది పడినవాళ్లు 106 మంది!